హాట్‌స్పాట్ వేగానికి కళ్ళెం వేస్తే ఫిర్యాదు ఎలా రాయాలి?

ప్రశ్న: మాది ఆమదాలవలస. 84 రోజుల ప్లాన్ వేయించాను. అపరిమిత 5జీ అన్నారు. ఫోనులో బాగానే వస్తోంది, కానీ ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ పెట్టి కొంచెం వాడగానే పూర్తిగా నెమ్మదించిపోతోంది. కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే టవర్ సమస్య అంటున్నారు. కంపెనీకి గట్టిగా ఒక ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఏమి రాయాలి, ఎవరికి పంపాలి?

సమాధానం:

మీ ఉత్తరం గట్టిగా ఉండనక్కరలేదు. కానీ అందులో ‘ఇంటర్నెట్ నెమ్మదిగా వస్తోంది’ అనే వాక్యం మాత్రం ఎక్కడా కనిపించకూడదు. ఆ వాక్యం రాసిన మరుక్షణం మీ ఫిర్యాదు ‘నెట్‌వర్క్ సమస్య’ అనే గంపలో పడుతుంది. ఆ గంపలో పడినవాటన్నిటికీ ఒకటే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: మీ ప్రాంతంలో టవర్ మీద రద్దీ ఉంది, ఫోను ఒకసారి ఆపి మళ్ళీ వేయండి, అసౌకర్యానికి చింతిస్తున్నాము. అంతటితో ఫిర్యాదు పరిష్కారమైనట్టు మీకు ఎస్సెమ్మెస్ వస్తుంది. నేను టెలికాం శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, చివరి కొన్నేళ్ళు విజయనగరంలో ఫిర్యాదుల విభాగంలోనే ఉండి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఆ జవాబులు బల్లకు అవతలి వైపు నుంచి ఎలా తయారవుతాయో బాగా తెలుసు.

మీ అసలు ఫిర్యాదు వేగం గురించి కాదు. మీకు అమ్మేటప్పుడు చెప్పని ఒక షరతును, అమ్మిన తరువాత మీ మీద అమలు చేస్తున్నారన్నది మీ ఫిర్యాదు. వేగం తగ్గడమన్నది ఆ షరతు ఉందనడానికి సాక్ష్యం మాత్రమే. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. వేగానికి టవర్‌ను, వానను, మీ ఇంటి గోడను సాకు చెప్పవచ్చు. చెప్పని షరతుకు అలాంటి సాకులేవీ పనికిరావు. అది ఏ పేజీలో, ఏ తేదీ నుంచి రాసి ఉందో చూపించడం ఒక్కటే దానికి జవాబు.

అయితే ఉత్తరం మొదలుపెట్టక ముందు, మీ దగ్గర జరుగుతున్నది నిజంగా హాట్‌స్పాట్ పరిమితేనా అన్నది తేల్చుకోవాలి. నా దగ్గరికి ఇదే గోడుతో వచ్చేవారిలో చాలామంది విషయంలో అసలు కారణం వేరుగా ఉంటుంది. ‘అపరిమిత 5జీ’ అన్న ప్లాన్లలో సాధారణంగా అపరిమితం 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపే. ఫోను 4జీకి దిగితే రోజుకు ఇంత అన్న కోటా నుంచి ఖర్చవుతుంది. మన జిల్లాల్లో, ముఖ్యంగా పట్టణం దాటిన తరువాత, ఇంట్లో ఒక గదిలో 5జీ, పక్క గదిలో 4జీ ఉండడం మామూలే. మీరు ల్యాప్‌టాప్ పెట్టుకునే బల్ల దగ్గర ఫోను 4జీకి దిగి, మీకు తెలియకుండానే ఆ రోజు కోటా అయిపోయి ఉండవచ్చు. అప్పుడు నెమ్మదించేది హాట్‌స్పాట్ ఒక్కటే కాదు, ఫోను కూడా. కనుక ల్యాప్‌టాప్ మొరాయించిన ఆ నిమిషంలోనే, ఫోనును కదపకుండా, ఫోనులో వేగం కొలవండి. రెండూ పడిపోతే అది కోటా సంగతి; ఈ ఉత్తరం మీకు పనికిరాదు. ఫోనులో వేగం నిండుగా ఉండి ల్యాప్‌టాప్‌లో మాత్రమే లేకపోతే ముందుకు వెళ్ళవచ్చు.

ఇక్కడి నుంచి ఒక నిజమైన వ్యవహారాన్ని ఉదాహరణగా చెబుతాను. గత వేసవిలో మా తోడల్లుడి కూతురి కోసం నేనే దగ్గరుండి రాయించిన ఫిర్యాదు ఇది. ఆ అమ్మాయి రాజాంలో ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ పని చేస్తుంది. జూన్ 1న 84 రోజుల ప్లాన్‌కు 840 రూపాయలు కట్టింది. వారం తిరగక ముందే, జూన్ 7 మధ్యాహ్నం, ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పేజీలు తెరుచుకోవడం మానేశాయి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

మేము మొదట చేసిన పని కొలతలు తీయడం. టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ వారి ‘మైస్పీడ్’ యాప్ ఫోనులో వేసుకున్నాము, ల్యాప్‌టాప్‌లో fast.com తెరిచాము. ఒకే బల్ల మీద, ఒకే సిమ్‌తో, నిమిషం వ్యవధిలో మూడు కొలతలు: ఫోనులో ఒకటి, వైఫై హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్‌లో ఒకటి, హాట్‌స్పాట్ ఆపేసి ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి ఒకటి. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. మీ ఫోను వైఫై బలహీనంగా ఉందని, ఇరుగుపొరుగు వైఫైలు అడ్డుపడుతున్నాయని కంపెనీ అనకుండా ఆ కేబుల్ నోరు కట్టేస్తుంది. కొలిచే ముందు ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ వెనకాల నడవడం లేదని, ఫోనులో బ్యాటరీ సేవర్, డేటా సేవర్ ఆపి ఉన్నాయని చూసుకోవాలి.

జూన్ 9 మధ్యాహ్నం పన్నెండింటికి ఫోనులో 71 ఎంబీపీఎస్, హాట్‌స్పాట్‌లో 0.5, కేబుల్‌తో 0.5. రాత్రి తొమ్మిదింటికి ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళ ఫోనులో 38కి పడిపోయింది. ల్యాప్‌టాప్‌లో అదే 0.5. మరునాడు తెల్లవారుజామున ఐదింటికి ఫోనులో 140. ల్యాప్‌టాప్‌లో మళ్ళీ అదే 0.5.

ఈ మూడు వేళల కొలతల్లో అసలు విషయమంతా ఉంది. రద్దీ వల్ల తగ్గే వేగం ఒక చోట నిలవదు. సాయంత్రం పడిపోతుంది, తెల్లవారుజామున లేస్తుంది, నిమిషానికీ నిమిషానికీ ఊగుతుంది. కావాలని వేసిన పరిమితి అలా ఊగదు. గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార ఎంత నిండుగా పారుతున్నా, కాలువకు షట్టరు ఎంత ఎత్తితే అంతే నీరు వెళుతుంది కదా, అదే తీరు. ఫోనులో వేగం 38 నుంచి 140 దాకా మారుతూ ఉంటే, ల్యాప్‌టాప్‌లో మాత్రం కదలకుండా ఒకే అంకె వస్తుంటే, అది టవర్ చేస్తున్న పని కాదు, ఎవరో దించిన షట్టరు. ఒక్క కొలత పంపితే ఎవరూ ఒప్పుకోరు. వేళ మారినా మారని అంకెను పంపితే ఇంజనీరు అన్నవాడెవడూ కాదనలేడు.

తరువాత పరిమితి ఎంతో పట్టుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో డేటా వాడకం చూపే పేజీలో హాట్‌స్పాట్ ద్వారా వెళ్ళిన డేటా ఒక వరుసగా విడిగా కనిపిస్తుంది. ఆ అమ్మాయి ఫోనులో అది జూన్ 7న ఐదు జీబీకి కొద్దిగా పైన ఉంది. అది రోజువారీ పరిమితా, మొత్తం రీఛార్జికి ఒకటేనా అన్నది తెలియాలంటే అర్ధరాత్రి దాటిన తరువాత మళ్ళీ కొలవాలి. మూడు రాత్రులు చూశాము, వేగం తిరిగి రాలేదు. అంటే 84 రోజులకూ కలిపి ఐదు జీబీ. రోజుకు పది గంటలు ల్యాప్‌టాప్ మీద పనిచేసే మనిషికి అది వారానికి కూడా సరిపోలేదు.

ఫోనులోని డేటాకూ ల్యాప్‌టాప్ డేటాకూ కంపెనీకి తేడా ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. ప్రతి డేటా పొట్లం మీద టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. దారిలో ఒక్కొక్క పరికరం దాటినప్పుడు అది ఒకటి తగ్గుతుంది. ఆండ్రాయిడ్ ఫోను స్వయంగా పంపే పొట్లం 64తో బయలుదేరుతుంది. విండోస్ ల్యాప్‌టాప్ నుంచి 128తో బయలుదేరినది ఫోను దాటేసరికి 127 అవుతుంది. టవర్ దగ్గర 64 చూస్తే ఫోను, 127 చూస్తే వెనక ఇంకో పరికరం ఉందన్నమాట. గుర్తుపట్టే పద్ధతులు ఇంకా ఉన్నాయి కానీ ఇది సులువైనది. ఆ అంకెను మార్చి కంపెనీని ఏమార్చే చిట్కాలు మీ అబ్బాయో, పక్కింటి కుర్రవాడో చెబుతాడు. ఫిర్యాదు నడుస్తుండగా ఆ పని చేయకండి. ఇప్పటివరకు తప్పు వారి వైపు ఉంది. ఆ పని చేస్తే షరతులు ఉల్లంఘించినవారు మీరవుతారు.

కొలతలు అయిన తరువాత షరతు కోసం వెతకాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఫిర్యాదు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. మూడు చోట్ల చూడండి. ఒకటి, మీరు రీఛార్జి చేసిన యాప్‌లో ప్లాన్ వివరాలు చెప్పే పేజీ. రెండు, కంపెనీ వెబ్‌సైట్‌లోని నియమ నిబంధనల పేజీ, తరచుగా అడిగే ప్రశ్నల పేజీ. మూడు, tariff.trai.gov.in. కంపెనీలు తమ టారిఫ్‌ల వివరాలు ట్రాయ్‌కి సమర్పించాలి, అవి ఈ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ప్రతి పేజీకి తేదీ, చిరునామా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీరు ఫిర్యాదు చేసిన తరువాత ఆ పేజీలో ఒక కొత్త పంక్తి పుట్టుకొస్తే, పాతది ఎలా ఉండేదో చూపడానికి మీ దగ్గర అది తప్ప మరో ఆధారం ఉండదు.

రాజాం అమ్మాయి విషయంలో రీఛార్జి పేజీలో హాట్‌స్పాట్ అనే మాటే లేదు. ప్రశ్నల పేజీలో, పద్నాలుగో ప్రశ్నకు జవాబుగా, ‘ఇతర పరికరాలతో పంచుకునే డేటాకు న్యాయ వినియోగ పరిమితి వర్తించవచ్చు’ అని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఎన్ని జీబీలో లేదు, తరువాత వేగం ఎంతో లేదు. ‘వర్తించవచ్చు’ అనే మాట చూసి ఆ పిల్ల నీరుగారిపోయింది కానీ, నాకు మాత్రం సంతోషమే కలిగింది. అంకె లేని పరిమితి ఉందని వారే రాసుకున్నారు గనుక, అంకె ఎందుకు దాచారని అడగడానికి మనకు దారి దొరికింది.

మీ దగ్గర అదే పేజీలో ‘హాట్‌స్పాట్ 5 జీబీ వరకు, ఆ తరువాత 512 కేబీపీఎస్’ అని రీఛార్జి బటన్ పక్కనే స్పష్టంగా రాసి ఉంటే, ఇంత దూరం వచ్చాక చెప్పడం బాధగానే ఉంది గానీ, మీ ఫిర్యాదులో పస ఉండదు. చూసుకోకుండా కొన్నామని మరో ప్లాన్‌కు మారడమే మంచిది. ఇంకో చిక్కు: చాలా ప్లాన్లలో వ్యక్తిగత వాడకానికి మాత్రమే అన్న షరతు ఉంటుంది. మీరు ఆ హాట్‌స్పాట్‌తో జిరాక్స్ షాపో, నెట్ సెంటరో నడుపుతుంటే కంపెనీ ముందుగా పట్టుకునేది ఆ తీగనే. అబద్ధం రాయమని నేను చెప్పను. అలాంటి పరిస్థితిలో ఈ దారిన వెళ్ళకండి అంటాను.

మీకు ఆ ప్లాన్ మీద ఆశ పుట్టించింది ప్రకటనే అయితే దాని ఫొటో కూడా జత చేయండి. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో గానీ, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గానీ నిలబడి చూస్తే, ఇలాంటి ఫ్లెక్సీల్లో ‘అపరిమితం’ అనేది తెలుగులో మనిషంత అక్షరాలతో ఉంటుంది, ‘షరతులు వర్తిస్తాయి’ అనేది అడుగున ఇంగ్లీషులో చీమ తలకాయంత ఉంటుంది. తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు కేంద్రం 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో షరతును అసలు మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే రకం అక్షరాలతో చెప్పాలి. ముఖ్యమైన సమాచారాన్ని దాచడానికి షరతును వాడుకోకూడదు. మన ప్రాంతం వారికి ఇది బాగా పనికివచ్చే నియమం, కానీ ఫిర్యాదుల్లో దీన్ని వాడినవారిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఇక ఉత్తరం. ఆ అమ్మాయి పంపినదాన్ని, పేరు, నంబర్లు తీసేసి, ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాను. మీ తేదీలు, మీ అంకెలు వేసుకోండి.

తేదీ: జూన్ 11
ఫిర్యాదుల కేంద్రం వారికి,

విషయం: రీఛార్జి సమయంలో తెలియజేయని హాట్‌స్పాట్ పరిమితిని అమలు చేయడం. మొబైల్ నంబరు ……, డాకెట్ నంబరు …….

అయ్యా,

నేను జూన్ 1న మీ యాప్ ద్వారా 840 రూపాయలు చెల్లించి, 84 రోజుల కాలానికి అపరిమిత 5జీ డేటా అని పేర్కొన్న ప్లాన్ తీసుకున్నాను. చెల్లించిన రోజున ఆ ప్లాన్ వివరాల పేజీలో హాట్‌స్పాట్ వాడకానికి ఎటువంటి పరిమితీ పేర్కొనలేదు. ఆ పేజీ ప్రతిని జత చేస్తున్నాను.

జూన్ 7న, హాట్‌స్పాట్ ద్వారా సుమారు 5 జీబీ వాడిన తరువాత, ఫోనుకు అనుసంధానించిన ల్యాప్‌టాప్‌లో వేగం 0.5 ఎంబీపీఎస్‌కు పడిపోయి, అప్పటి నుంచి అక్కడే నిలిచి ఉంది. అదే సమయంలో, అదే చోట, అదే సిమ్ మీద ఫోనులో వేగం 38 నుంచి 140 ఎంబీపీఎస్ వరకు వస్తోంది. మూడు వేర్వేరు వేళల్లో తీసిన తొమ్మిది కొలతలను జత చేస్తున్నాను. వైఫై బదులు యూఎస్‌బీ కేబుల్ వాడినప్పుడు కూడా ల్యాప్‌టాప్‌లో వేగం మారలేదు. కనుక ఇది సిగ్నల్‌కు గానీ, టవర్ రద్దీకి గానీ, నా పరికరాలకు గానీ సంబంధించిన సమస్య కాదు. పరిమితి పూర్తయిందని నాకు ఎటువంటి సందేశమూ రాలేదు.

దయచేసి ఈ క్రింది విషయాలకు లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. ఈ ప్లాన్‌లో హాట్‌స్పాట్ వాడకానికి పరిమితి ఉన్నదా? ఉంటే అది ఎన్ని జీబీ, ఆ తరువాత వేగం ఎంత? ఆ షరతు జూన్ 1 నాటికి ఏ పేజీలో ప్రకటించబడి ఉంది? సేవకు సంబంధించిన ముఖ్య సమాచారాన్ని వినియోగదారుకు ఉద్దేశపూర్వకంగా తెలియజేయకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం అవుతుందని మనవి.

నా కోరిక: ఈ పరిమితిని నా నంబరుపై తొలగించి, ప్రకటించిన విధంగా సేవ అందించాలి. అది సాధ్యం కాని పక్షంలో, నేటి నుంచి మిగిలిన 74 రోజులకు రోజుకు 10 రూపాయల చొప్పున 740 రూపాయలు తిరిగి చెల్లించాలి.

ఇట్లు, ……

ఉత్తరంలో మీరు గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, ఇందులో కోపం లేదు. ‘మోసం’, ‘దగా’ అనే మాటలు మొదటి ప్రతిలో ఆ పిల్ల నాలుగుసార్లు రాసింది. నాలుగూ నేనే కొట్టేశాను. అటువంటి మాట ఉంటే జవాబు రాసేవాడు ఆ మాటను ఖండిస్తూ ఒక పేరా రాసి, అడిగిన ప్రశ్నను వదిలేస్తాడు. రెండోది, చివరి పేరాలో కోరిక రూపాయల్లో తేలింది. ‘తగిన న్యాయం చేయగలరు’ అని ముగించిన ఉత్తరాలు నా ఉద్యోగంలో వందలు చూశాను. వాటికి చేసిన న్యాయమల్లా చింతిస్తున్నామన్న ఎస్సెమ్మెస్సే. 740 అని రాస్తే, ఇవ్వాలా వద్దా అన్నది ఎవరో ఒకరు తేల్చక తప్పదు. ఆ మొత్తం వారికి లెక్కలోనిది కాదు. అందుకే ఇచ్చేయడం కూడా తేలిక. మానసిక క్షోభకు లక్ష రూపాయలు అని రాసి ఉంటే ఆ కాగితం న్యాయ విభాగానికి పోయి అక్కడే ఉండిపోయేది.

ఎవరికి పంపాలన్నది చూద్దాం. మా కాలంలో నోడల్ అధికారి అని ఒక మెట్టు ఉండేది, ఇప్పటికీ పాత నమూనాలు చూసి చాలామంది ఆయనకే రాస్తున్నారు. 2012లో ట్రాయ్ తెచ్చిన నియమాలతో ఆ మెట్టు పోయింది. ఇప్పుడు కంపెనీలో రెండే మెట్లు: ఫిర్యాదుల కేంద్రం, దాని పైన అప్పిలేట్ అథారిటీ. మీరు మూడుసార్లు ఫోన్ చేశానన్నారు, ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే డాకెట్ నంబరు తీసుకున్నట్టు చెప్పలేదు. డాకెట్ లేని ఫోన్ గోడకు చెప్పుకున్నట్టే. 198కి ఫోన్ చేసి, ‘ప్రకటించని హాట్‌స్పాట్ షరతు గురించి ఫిర్యాదు’ అని అవే మాటలతో చెప్పి, ఎస్సెమ్మెస్‌గా వచ్చే డాకెట్ నంబరును ఉత్తరం మీద వేసి, అదే రోజు ఈమెయిల్‌లో పంపండి. మీ కంపెనీ ఫిర్యాదుల కేంద్రం, అప్పిలేట్ అథారిటీ చిరునామాలు tccms.trai.gov.in లో దొరుకుతాయి. తెలుగులోనే రాయండి, అయితే పై మెట్టులో చదివేవారు హైదరాబాదులో ఉంటారో, మరెక్కడ ఉంటారో తెలియదు కనుక ఇంగ్లీషు ప్రతి ఒకటి జత చేస్తే జాప్యం తగ్గుతుంది.

ఆ అమ్మాయికి జూన్ 15న జవాబు వచ్చింది. ఇంత జాగ్రత్తగా రాసినా చిలక పలుకులే: మీ ప్రాంతంలో తాత్కాలిక రద్దీ, ఫిర్యాదు పరిష్కరించబడినది. దానికి నిరాశపడనక్కరలేదు. అప్పీలుకు కావలసింది మంచి జవాబు కాదు, ఏదో ఒక జవాబు, లేదా గడువు దాటినా జవాబు రాకపోవడం. ఫిర్యాదు పరిష్కారానికి ఉన్న గడువు ముగిసిన 30 రోజుల లోపల అప్పీలు చేయాలి. రుసుము లేదు. ఈమెయిల్‌లో గానీ, స్పీడ్ పోస్టులో గానీ పంపవచ్చు. అప్పీలును 39 రోజుల్లో తేల్చాలని నియమం. అక్కడ ఇద్దరు సభ్యుల సలహా సంఘం ఉంటుంది. వారిలో ఒకరు వినియోగదారుల సంఘం నుంచి వచ్చినవారు. మీ కాగితాన్ని కంపెనీ జీతగాడు కాని మనిషి మొదటిసారి చూసేది ఇక్కడే, కనుక కొలతలన్నీ మళ్ళీ జత చేయండి, కింద వారి దగ్గర ఉన్నాయిలే అనుకోకండి.

జూన్ 24న వేసిన ఆమె అప్పీలు ఒకటిన్నర పేజీ కూడా లేదు. ‘తొమ్మిది కొలతల్లో ల్యాప్‌టాప్ వేగం ఒకే అంకె దగ్గర నిలిచి ఉండగా, ఫోను వేగం దాదాపు నాలుగు రెట్లు మారింది, రద్దీ కారణమైతే రెండూ కలిసి మారాలి, నేనడిగిన మూడు ప్రశ్నలకు సమాధానం రాలేదు’ అన్నదే అందులోని సారం. దానికి ఒక్క పేరా అదనంగా చేర్చాము. నెట్ న్యూట్రాలిటీ మీద ట్రాయ్ 2017 నవంబరు 28న చేసిన సిఫార్సుల్లో, చూస్తున్న సమాచారాన్ని బట్టి గానీ, ప్రోటోకాల్‌ను బట్టి గానీ, వినియోగదారు వాడుతున్న పరికరాన్ని బట్టి గానీ ఇంటర్నెట్ సేవలో వివక్ష చూపకూడదని ఉంది. నెట్‌వర్క్ నిర్వహణ కోసం వేగాన్ని సర్దవచ్చు, కానీ అది తగిన మేరకే, తాత్కాలికంగా, పారదర్శకంగా ఉండాలి. ఆ సూత్రాలను టెలికాం శాఖ 2018లో ఆమోదించింది. మన విషయంలో ఆ పరిమితి తాత్కాలికమూ కాదు, పారదర్శకమూ కాదు. అయితే ఈ వాదనను తలకెత్తుకుని మొదటి ఉత్తరంలోనే పెట్టకండి. ఇది వివక్ష కాదు, ప్లాన్‌లో ఒక భాగం అని కంపెనీ వాదించగలదు, ఆ వాదనకు కొంత బలమూ ఉంది. ‘షరతు ఎక్కడ రాశారో చూపండి’ అనే ప్రశ్నకు మాత్రం అలాంటి జవాబు లేదు. బలమైనది ముందు, చర్చకు తావిచ్చేది చివర.

ట్రాయ్‌కి నేరుగా రాస్తే తేలిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు. అప్పీలులోనూ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడ ఉన్నా సరే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. కారణం తలెత్తిన రెండేళ్ళలోపు వేయాలి. టెలికాం వ్యవహారాలు ఈ కమిషన్ల పరిధిలోకి రావని కంపెనీ లాయర్లు పాత తీర్పు ఒకటి చూపించేవారు. ఆ పప్పులు ఇప్పుడు ఉడకవు, ఎందుకంటే 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు వస్తాయనే తేల్చింది. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఒక ఫోన్ చేసి చూడడం మంచిది. ఖర్చు లేదు, కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగివస్తుంది.

రాజాం వ్యవహారం అంతదాకా పోలేదు. అప్పీలు వేసిన ముప్పై నాలుగో రోజున, జూలై 28న, జవాబు వచ్చింది. హాట్‌స్పాట్ పరిమితి ఉన్నదని ఒప్పుకున్నారు, అది ప్రశ్నల పేజీలో సూచించబడి ఉందన్నారు, అయినా ‘సద్భావనతో’ 740 రూపాయలు ఖాతాలో జమ చేస్తున్నామన్నారు. పరిమితిని మాత్రం తీయలేదు. ఆ సద్భావన అనే మాట మీద నాకు నవ్వు వచ్చింది గానీ, డబ్బు వచ్చింది కనుక అక్కడితో ఆపాము. ఆగస్టులో నేను ఆ ప్లాన్ పేజీని మళ్ళీ తెరిచి చూస్తే, 5జీ అపరిమితం అన్న పంక్తి కిందనే హాట్‌స్పాట్ 5 జీబీ అని ఒక కొత్త పంక్తి కనిపించింది.

మీరు మాత్రం ఈ రాత్రి తొమ్మిదింటికి మొదటి కొలత తీయండి. రెండోది రేపు తెల్లవారుజామున, మూడోది మధ్యాహ్నం. కేబుల్ మరచిపోకండి.